సిరా మరక ఎంతవరకు చెబుతుంది?

మనస్తత్వ పరీక్షల్లో ఎక్కువ భాగం ప్రశ్నాపత్రాలే. ప్రశ్న స్పష్టంగా ఉంటుంది, జవాబులు ముందే అచ్చయి ఉంటాయి, అవుననో కాదనో గుర్తు పెట్టడమే మిగిలిన పని. ప్రక్షేపక పరీక్షలు (ప్రొజెక్టివ్ టెస్టులు) ఇందుకు పూర్తిగా భిన్నం. వీటిలో మనిషి ముందు పెట్టేది ఒక అస్పష్టమైన వస్తువు. అది సిరా మరక కావచ్చు, ఏం జరుగుతోందో తేలని బొమ్మ కావచ్చు, సగంలో ఆపిన వాక్యం కావచ్చు. కొన్నిసార్లు తెల్ల కాగితం ఇచ్చి మనిషి బొమ్మ గీయమంటారు. సరైన జవాబంటూ ఏదీ ఉండదు కాబట్టి, చెప్పే జవాబులో ఆ మనిషి ఆలోచనల తీరు, భయాలు, కోరికలు బయటపడతాయన్నది వీటి వెనుక ఉన్న నమ్మకం. ఈ పరీక్షలకు ‘ప్రొజెక్టివ్’ అనే పేరు 1939లో అమెరికన్ పండితుడు లారెన్స్ ఫ్రాంక్ వల్ల స్థిరపడింది. వీటిలో అందరికన్నా ఎక్కువ పేరు, అందరికన్నా ఎక్కువ నింద మోసినది రోర్షాక్ సిరా మరకల పరీక్ష.

హెర్మన్ రోర్షాక్ స్విట్జర్లాండ్‌కు చెందిన మానసిక వైద్యుడు. తండ్రి డ్రాయింగు మాస్టారు. కాగితం మీద సిరా చుక్కలు వేసి, మధ్యకు మడిచి, రెండు వైపులా సమానంగా వచ్చిన ఆకారంలో ఏదో ఒకటి వెతుక్కోవడం అక్కడి పిల్లలకు అప్పట్లో ఇష్టమైన ఆట. హెరిసావు ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు రోర్షాక్ ఇలాంటి మరకలను రోగులకూ, ఏ జబ్బూ లేనివారికీ చూపించి, మొత్తం 405 మంది జవాబులను పోల్చాడు. 1921లో పది మరకలతో ‘సైకోడయాగ్నోస్టిక్’ అనే పుస్తకం అచ్చువేశాడు. ఆ పదిలో ఐదు నలుపు, బూడిద రంగుల్లో ఉంటాయి. రెండింటిలో నలుపుతో పాటు ఎరుపు ఉంటుంది. చివరి మూడూ పలు రంగులవి. మరుసటి ఏడాదే, 37 ఏళ్ల వయసులో, అపెండిక్స్ వ్యాధి ముదిరి ఆయన చనిపోయాడు.

ఆ తొందరపాటు మరణం ఈ పరీక్ష చరిత్రను మలుపు తిప్పింది. రోర్షాక్ తన పనిని అంతరాత్మలోకి తొంగిచూసే సాధనంగా చెప్పుకోలేదు. అది ఒక గ్రహణ ప్రయోగమన్నాడు, అంటే మనిషి చూసినదాన్ని మనసులో ఎలా పోల్చుకుంటాడో తెలుసుకునే ప్రయత్నం. జవాబులో ఏ వస్తువు ఉందన్నదానికన్నా ఆ జవాబు ఎలా పుట్టిందన్నదే ఆయనకు ముఖ్యం. మరకను మొత్తంగా చూశాడా, ఒక మూల మాత్రమే చూశాడా? ఆకారాన్ని బట్టి చెప్పాడా, రంగును బట్టి చెప్పాడా? కదలిక కనిపించిందా? ఆయన వెళ్లిపోయాక పరీక్ష అమెరికా చేరింది. అక్కడ ఫ్రాయిడ్ ఆలోచనల ప్రభావంలో ఉన్నవారి చేతుల్లో ఇది ‘మనసుకు ఎక్స్-రే’గా పేరు తెచ్చుకుంది. ఒకే పది కార్డులకు అక్కడ ఐదు వేర్వేరు పద్ధతులు తయారయ్యాయి. ఒకరు ముఖ్యమనుకున్న జవాబు మరొకరి లెక్కలోకే రాని స్థితి ఏర్పడింది. 1974లో జాన్ ఎక్స్‌నర్ ఈ ఐదింటినీ వడపోసి ‘కాంప్రిహెన్సివ్ సిస్టమ్’ పేరుతో ఒకే పద్ధతి తెచ్చాడు. ఆ తర్వాత పాతికేళ్లపాటు అమెరికాలో రోర్షాక్ అంటే ఎక్స్‌నర్ పద్ధతే.

పరీక్ష జరిగే తీరు తెలిస్తే వివాదం ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది. క్లినికల్ సైకాలజిస్టు ఎదురుగా కాక పక్కన కూర్చుంటాడు. తన ముఖకవళికలు జవాబు మీద పడకూడదన్నది ఉద్దేశం. కార్డులను వరుసగా ఒక్కొక్కటే చేతికిచ్చి, “ఇది ఏమై ఉండొచ్చు?” అని మాత్రమే అడుగుతాడు. ఎదుటివారు అన్న మాటలను అన్నట్టే, తడబాటుతో సహా రాసుకుంటాడు. పది కార్డులూ అయ్యాక మళ్లీ మొదటికి వచ్చి, “మీరు దీన్ని గబ్బిలం అన్నారు. అది ఎక్కడ కనిపించింది? దేన్ని చూస్తే గబ్బిలంలా అనిపించింది?” అని ప్రతి జవాబునూ తరచి అడుగుతాడు. ఈ రెండో విడత లేకపోతే మొదటి విడతకు విలువ లేదు. ‘గబ్బిలం’ అన్నవారిలో ఒకరు రెక్కల ఆకారం చూసి అని ఉండొచ్చు, మరొకరు కేవలం నల్లగా ఉందని అని ఉండొచ్చు.

తర్వాతది గుర్తులు వేసే పని. ప్రతి జవాబుకూ చోటు, కారణం, వస్తువు నమోదవుతాయి. ఆ ఆకారం మరకకు ఎంత సరిపోతుందో కూడా నిర్ణయించాలి. ఇది సైకాలజిస్టు ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. వేల జవాబులను పోగుచేసి తయారుచేసిన పట్టికలు ఉంటాయి. ఎక్కువమంది చూసేది, కొద్దిమందే చూసినా సులువుగా ఒప్పుకోదగ్గది, చూపించినా ఎవరికీ కనిపించనిది అంటూ అవి ఆకారాలను వేరుచేస్తాయి. జవాబు చెప్పిన తీరులో తర్కం తప్పితే అందుకు వేరే గుర్తులున్నాయి. ఇవన్నీ కూడితే వచ్చే అంకెలను మామూలు జనం అంకెలతో పోల్చి చూస్తారు. మొత్తం పని శ్రద్ధగా చేస్తే కొన్ని గంటలు పడుతుంది.

విమర్శలో మొదటిది, బహుశా అన్నింటికన్నా లోతైనది, పరీక్ష గురించి కాదు, పరీక్షించేవారి గురించి. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే అమెరికన్ దంపతులు ఒక ప్రయోగం చేశారు. అది మనిషి బొమ్మ గీయించే పరీక్ష మీద జరిగింది. కొన్ని బొమ్మలు తీసుకుని, ఒక్కో బొమ్మ కింద అది గీసిన రోగి లక్షణం అంటూ ఒక వాక్యం రాశారు. ఏ బొమ్మకు ఏ లక్షణం అన్నది గాలివాటంగా కలిపినదే, వాటి మధ్య ఏ సంబంధమూ లేదు. వాటిని సైకాలజీలో శిక్షణ లేని విద్యార్థులకు చూపించి, ఏం గమనించారని అడిగారు. అనుమానపు మనుషులు కళ్లను వింతగా గీశారని, తెలివితేటల గురించి బెంగపడేవారు తలను పెద్దగా గీశారని విద్యార్థులు గట్టిగా చెప్పారు. లేని సంబంధాన్ని వారు కళ్లతో ‘చూశారు’. ఏళ్ల తరబడి వృత్తిలో ఉన్న నిపుణులు తమ అనుభవంలో తేలిందని చెప్పుకున్న సంబంధాలు కూడా అచ్చంగా ఇవే. 1969లో వారు రోర్షాక్ మరకలతోనూ ఇలాంటి పరిశీలనే చేశారు. పరిశోధనలో నిలబడ్డ గుర్తులను నిపుణులు గమనించనేలేదు. వినడానికి సబబుగా ఉండి, నిజానికి పనికిరాని గుర్తులనే వారు ఎక్కువగా నమ్మారు. ‘నా అనుభవంలో ఇది పనిచేస్తుంది’ అన్న మాటను ఈ రంగంలో సాక్ష్యంగా ఒప్పుకోలేకపోవడానికి కారణం ఈ రెండు ప్రయోగాలే.

రెండో విమర్శ పోలిక అంకెలది. ఎవరి జవాబులైనా అసాధారణమని చెప్పాలంటే సాధారణం ఏదో ముందు తెలియాలి. ఎక్స్‌నర్ 700 మంది మామూలు అమెరికన్ల జవాబులను ప్రమాణంగా ఇచ్చాడు. అయితే ఆ 700లో 221 రికార్డులు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయని తర్వాత బయటపడింది. అంటే నిజంగా ఉన్నది 479 మంది. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి. 1999లో కాలిఫోర్నియాలో, మానసిక వ్యాధి చరిత్ర లేని 123 మందికి ఈ పరీక్ష చేశారు. అప్పటి స్కిజోఫ్రీనియా సూచికలో వారిలో సుమారు ఆరుగురికి ఒకరు వ్యాధిగ్రస్తుల కోవలోకి వచ్చారు.

ఆ ‘ఆరుగురికి ఒకరు’ ఎంత ప్రమాదమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక చోట 600 మంది ఉన్నారనీ, వారిలో ఆరుగురికి నిజంగా ఆ వ్యాధి ఉందనీ అనుకుందాం. పరీక్ష ఆ ఆరుగురిలో ఐదుగురిని పట్టుకుందని కూడా ఒప్పుకుందాం. మిగతా 594 మంది ఆరోగ్యవంతుల్లో ఆరో వంతు, అంటే 99 మంది కూడా అదే పరీక్షలో రోగులుగా తేలతారు. మొత్తం 104 మందికి ముద్ర పడుతుంది. అందులో నిజంగా వ్యాధి ఉన్నవారు ఐదుగురే. సూచిక దాటింది కాబట్టి వ్యాధి ఉన్నట్టే అని రాసే సైకాలజిస్టు ఇక్కడ ఇరవైలో పందొమ్మిదిసార్లు పొరబడతాడు. ఆ పొరపాటు మోసేది ఒక మనిషి, అతని చదువు, పెళ్లి, ఉద్యోగం.

మూడోది జవాబుల సంఖ్య. పాత పద్ధతిలో ఎన్ని జవాబులు చెప్పాలన్న కట్టుబాటు దాదాపు లేదు. ఒకరు 15 చెప్పి ఆపితే, మాటకారి 45 చెబుతాడు. ఎక్కువ జవాబులు చెప్పినవారికి దాదాపు ప్రతి అంశంలోనూ అంకె పెరుగుతుంది, వింత జవాబుల అంకె కూడా. కబుర్లు ఎక్కువ చెప్పినందుకు జబ్బు ఎక్కువున్నట్టు తేలితే అది కొలత కాదు.

ఈ కారణాలతో 1999లో హోవర్డ్ గార్బ్ అనే పరిశోధకుడు, లోపాలు సరిదిద్దేవరకు ఆసుపత్రుల్లోనూ కోర్టుల్లోనూ ఈ పరీక్ష వాడకం ఆపాలని బహిరంగంగా కోరాడు. గార్బ్, జేమ్స్ వుడ్, స్కాట్ లిలియన్‌ఫెల్డ్ తదితరులు కలిసి రాసిన విమర్శలు ఈ రంగాన్ని కుదిపేశాయి. వాటికి సరైన జవాబు 2013లో వచ్చింది. జోని మిహురా బృందం అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ కూర్చి, ఎక్స్‌నర్ పద్ధతిలోని 65 ముఖ్య అంశాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. ఫలితం ఎవరి పక్షాన్నీ పూర్తిగా గెలిపించలేదు. 13 అంశాలకు చాలా బలమైన ఆధారం దొరికింది. మరో 13 అంశాలకు ఆధారం అతి తక్కువ, లేదా అసలు లేదు. 12 అంశాల మీద పనికొచ్చే పరిశోధనే జరగలేదు. మిగిలినవి ఈ మధ్యలో ఉన్నాయి. అన్నింటికన్నా గట్టిగా నిలిచినవి ఆలోచనల పొందికనూ, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలగడాన్నీ కొలిచే అంశాలు. దీని తర్వాత, విమర్శకులు కూడా ఆ ఒక్క మేరకు తమ నిషేధపు పిలుపును వెనక్కి తీసుకున్నారు. రోర్షాక్ 1921లో చెప్పిన చోటికే, అంటే ఏం చూశాడన్నది కాక ఎలా చూశాడన్న ప్రశ్నకే, శాస్త్రం తిరిగి వచ్చింది. ఆయన పేరుతో చెలామణీ అయిన చాలా వాటికి మాత్రం అక్కడ చోటు దొరకలేదు.

ఎక్స్‌నర్ 2006లో మరణించాక ఆయన శిష్యులు, సహచరులు కొందరు 2011లో ‘ఆర్-పాస్’ అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఇందులో ప్రతి కార్డుకూ రెండు, మహా అయితే మూడు జవాబులు చెప్పమని ముందే కోరతారు. ఒక్కటే చెబితే ఇంకొకటి అడుగుతారు, నాలుగు చెప్పగానే కార్డు తీసుకుంటారు. జవాబుల సంఖ్య తెచ్చే తకరారు దీంతో చాలావరకు తగ్గింది. ఆధారం లేని అంశాలను తొలగించారు, పోలిక అంకెలను పలు దేశాల నుంచి సేకరించారు.

జాగ్రత్తపరుడైన సైకాలజిస్టు చేతిలో ఇదంతా ఎలా ఉపయోగపడుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడొచ్చు. ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి ఆరు నెలలుగా గది దాటి రావడం లేదు, మార్కులు పడిపోయాయి, స్నేహితులు తన గురించే మాట్లాడుకుంటున్నారని ఒకటి రెండుసార్లు తల్లితో అన్నాడు. ప్రశ్నాపత్రం ఇస్తే అన్నీ బాగున్నాయనే గుర్తులు పెట్టాడు. మానసిక వైద్యుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది దిగులు జబ్బా, లేక ఆలోచనల పొందిక చెదరడం మొదలైందా? మందు ఏది ఇవ్వాలన్నది దీని మీదే ఆధారపడుతుంది. రోర్షాక్‌ను బయటకు తీయడానికి ఇది తగిన సందర్భం. ప్రశ్న స్పష్టంగా ఉంది, ఈ పరీక్షకు గట్టి ఆధారం ఉన్న విషయంలోనే ఉంది, ఆ అబ్బాయి తన గురించి తాను చెప్పడం లేదు.

పరీక్షలో 24 జవాబులు వచ్చాయనుకుందాం. మొదటి కార్డుల్లో గబ్బిలం, ఏదో మోస్తున్న ఇద్దరు మనుషులు లాంటివి చెప్పాడు. ఇవి చాలామంది చూసేవే. తర్వాత ఒకచోట, “ఇది అంచున ఉంది కదా, కాబట్టి సముద్రమే అయ్యుండాలి” అన్నాడు. అంచున ఉండటానికీ సముద్రం కావడానికీ లంకె లేదు. కానీ అతనికి అది తిరుగులేని కారణంలా తోచింది. దీనికి తర్కం తప్పిన గుర్తు పడుతుంది. ఇంకోచోట ఒకే మరకలో చెట్టునూ ముఖాన్నీ కలిపేసి, రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడాడు, ఎక్కడుందో చూపించమంటే చూపించలేకపోయాడు. ఏడు జవాబులు పట్టికలో ఎవరికీ కనిపించని ఆకారాల కింద పడ్డాయి. ఇలాంటివి ఒకటో రెండో ఎవరికైనా రావొచ్చు. వరుసగా ఇన్ని రావడం, అందులోనూ తీవ్రమైనవి ఉండటం, గమనించవలసిన సంగతి.

ఇక్కడే జాగ్రత్త మొదలవుతుంది. ముందు రోజు రాత్రి అతను నిద్రపోయాడా? జ్వరం ఉందా? ఏ మందులు వాడుతున్నాడు, మత్తు పదార్థాల అలవాటేమైనా ఉందా? ఇవి కనుక్కున్నాకే అంకెలకు అర్థం. తర్వాత ఇంటర్వ్యూ రాతల్లోకి వెళ్లి, మామూలు సంభాషణలోనూ ఇదే జారుడు ఉందో లేదో చూస్తారు. తల్లి చెప్పిన వివరాలతో, కాలేజీ హాజరుతో పోలుస్తారు. అన్నీ ఒకే వైపు చూపిస్తే నివేదికలో రాసేది ఇంతే: ఆలోచనల పొందిక దెబ్బతింటున్న సూచనలు బలంగా ఉన్నాయి, కేవలం దిగులుతో ఇవి రావడం అరుదు, దగ్గరగా గమనిస్తూ వైద్య పరీక్ష కొనసాగించాలి. స్కిజోఫ్రీనియా అన్న నిర్ధారణ ఈ పరీక్ష నుంచి రాదు. అది లక్షణాలు, కాలవ్యవధి, ఇతర కారణాలు లేవని తేల్చుకోవడం మీద మానసిక వైద్యుడు చేయవలసింది.

నివేదికలో రాయనివీ అంతే ముఖ్యం. ఆ అబ్బాయి ఒక కార్డులో రక్తం చూశాడు. దాన్నిబట్టి హింసకు దిగుతాడని రాయరు. మరోచోట పాము అన్నాడు. పాత పుస్తకాల ప్రకారం అది లైంగిక సంకేతం. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంట పెరిగినవాడికి పాము అంటే ఏమిటో ఆ పుస్తకాలు రాసినవారికి తెలియదు. ఎవరికైనా సరే, ఒక వస్తువుకు ఒకే గూఢార్థం అంటగట్టడానికి పరిశోధనలో ఆధారం లేదు. చిన్ననాట లైంగిక వేధింపులు జరిగాయా అన్నదీ ఈ మరకలు తేల్చలేవు. ఎక్స్‌నర్ పద్ధతిలోని దిగులు సూచిక కూడా దిగులు జబ్బును నమ్మకంగా పట్టుకోలేకపోయింది. ఆ అంకెను చూసి మందులు రాసినా, మానేసినా తప్పే.

సంస్కృతి గుర్తులు వేయడంలోనూ అడ్డొస్తుంది. ఒకే ఒంటికి పొసగని భాగాలు తగిలించడం, ఉదాహరణకు మనిషికి జంతువు తల పెట్టడం, ఆలోచన జారిందనడానికి ఒక గుర్తు. కానీ ఒక తెలుగువాడు “ఏనుగు తల, మనిషి ఒళ్లు, వినాయకుడిలా ఉన్నాడు” అంటే అందులో జారిందేమీ లేదు. నరసింహుడి పేరు చెప్పినా అంతే. అదే మనిషి కోడి తల ఉన్న పోలీసును చూసి, అలాంటివారు ఉంటారని నిజంగానే వాదిస్తే సంగతి వేరు. ఈ తేడా తెలియాలంటే జవాబును తెలుగులోనే, అన్నది అన్నట్టే రాసుకోవాలి, ఆ మాటల మీదే గుర్తులు వేయాలి. ఇంగ్లీషులోకి మార్చి రాస్తే, వింతగా వినిపించేది రోగి ఆలోచనో అనువాదమో తెలియకుండా పోతుంది. మన దేశంలో భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణలో ఈ పరీక్షకు చోటుంది. ఆ శిక్షణ లేనివారు, కార్డులు చేతిలో ఉన్నా, దీన్ని చేయకూడదు.

ఆ కార్డులు సంపాదించడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కాపీరైటు గడువు తీరిన ఈ మరకలు పదీ 2009లో వికీపీడియాలో కనిపించాయి. మామూలు జవాబులూ పక్కనే ఉండటంతో సైకాలజిస్టులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ముందే చదివి వచ్చినవాడి జవాబులు తన చూపును కాక తన తయారీని చూపిస్తాయన్నది వారి బాధ, అది న్యాయమైనదే. అందుకే పరీక్షకు ముందు, ఈ బొమ్మలు ఇదివరకు చూశారా, వాటి గురించి చదివారా అని అడిగి రాసుకోవడం మంచి పద్ధతి. ఫోన్లలో తిరిగే ‘మీకు ఇందులో ఏం కనిపిస్తే మీరు అలాంటివారు’ అనే ఆటలకూ ఈ పరీక్షకూ పోలికే లేదు. వాటిలో తరచి అడగడం లేదు, పట్టికలు లేవు, పోలిక అంకెలు లేవు.

కొన్ని సందర్భాల్లో జాగ్రత్తపరులు ఈ పరీక్షను అసలు చేయరు. రోగి తీవ్రమైన ఉద్రేకంలో ఉన్నప్పుడు వచ్చే జవాబులు ఆ పూటకు సంబంధించినవి మాత్రమే. అప్పుడు కొన్ని రోజులు ఆగడమే పని. దుబాసీ ద్వారా మాట్లాడవలసి వస్తే తరచి అడిగే విడత దెబ్బతింటుంది. ఉద్యోగానికి మనుషులను ఎంపిక చేయడానికి ఇందులో తగిన ఆధారం లేదు. విడాకుల గొడవల్లో పిల్లలను తల్లికప్పగించాలా తండ్రికా అన్న ప్రశ్న అన్నింటికన్నా చిక్కుది. మంచి తల్లినో మంచి తండ్రినో కొలిచే గుర్తు ఈ పది కార్డుల్లో ఎక్కడా లేదు. అక్కడ మరకల నివేదిక కోర్టుకిస్తే అంకెలు శాస్త్రంలా కనిపించి, చూడవలసిన వాటిని, అంటే పిల్లవాడు ఎవరి దగ్గర ఎలా ఉంటున్నాడు, బడికి ఎవరు పంపుతున్నారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తున్నారు అన్నవాటిని, పక్కకు నెట్టేస్తాయి. అలాంటి కేసులో అడిగినా సరే, ఈ పరీక్ష దీనికి జవాబివ్వదని రాసి ఇవ్వడమే సైకాలజిస్టు చేయవలసిన పని.